పర్సెంటేజీ తగ్గించమని నా దగ్గరికి వచ్చిన ఒక డిసర్టేషన్

భీమవరంలో నేను చేసే పని చిన్నది. పీజీ, పీహెచ్‌డీ పిల్లల డిసర్టేషన్లలో ఇంగ్లీషు సరిదిద్దుతాను, రిఫరెన్సులు సరిచూస్తాను, ఫార్మాటింగ్ చేస్తాను. అంతకుముందు కొన్నేళ్లు జూనియర్ కాలేజీలో ఇంగ్లీష్ చెప్పాను కాబట్టి అందరూ మాస్టారనే పిలుస్తారు. ఈ రెండు మూడేళ్లలో వచ్చేవాళ్లు అడిగేది మారిపోయింది. ఇదివరకు "తప్పులు చూడండి మాస్టారూ" అనేవాళ్లు, ఇప్పుడు "పర్సెంటేజీ ఎంతకి దించుతారండి" అంటున్నారు, అంటే కాపీని, ఏఐ రాతని పట్టే సాఫ్ట్‌వేర్ ఇచ్చే నంబరు. ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా రాస్తాను, ఎందుకంటే తిరగరాయడంలో ఎంతవరకు నిజాయితీ, ఎక్కడ నుంచి మోసం అన్నది నాకు స్పష్టంగా తెలిసింది ఈ కేసులోనే. ఆ అమ్మాయి, వాళ్ల నాన్నగారు రాసుకోమన్నారు. పేర్లు, కాలేజీ పేరు మాత్రం రాయను.

అమ్మాయిది ఎమ్మెస్సీ ఆక్వాకల్చర్. ఉండి ఊరి వైపు వాళ్లకి రెండు వనామీ రొయ్యల చెరువులున్నాయి. వాళ్ల నాన్నగారివి రెండు, పక్కవాళ్లవి రెండు, మొత్తం నాలుగు చెరువుల్లో పది వారాలపాటు వారానికి రెండు రోజులు, తెల్లవారుజామున 5 గంటలకి ఒకసారి, మధ్యాహ్నం 2 గంటలకి ఒకసారి నీళ్లు తీసి, కరిగిన ఆక్సిజన్ ఎంతుందో వింక్లర్ పద్ధతిలో తనే కొలిచింది. అంటే 160 రీడింగులు. చలిలో గట్టు మీద టార్చిలైటు పట్టుకుని సీసాలో నీళ్లు నింపడం మాటలు కాదు. పని నూటికి నూరుపాళ్లు తనది. రాత మాత్రం చాలావరకు తనది కాదు.

గైడ్ ముందుగా చెక్ చేయిస్తే రెండు అంకెలు వచ్చాయి. సిమిలారిటీ 34 శాతం, ఏఐ సూచిక 41 శాతం. ఈ రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు, కాదు. మొదటిది మీ వాక్యాలు ఇంకెక్కడో ఉన్న వాక్యాలతో కలుస్తున్నాయని చెబుతుంది, ఏ పేపరుతో కలిసిందో రంగులు వేసి చూపిస్తుంది, మనం తెరిచి చూసుకోవచ్చు. రెండోదానికి అలా చూపించడానికి ఏమీ ఉండదు. మాట తర్వాత మాట ఎంత ఊహించదగ్గట్టు వస్తోంది, వాక్యాల పొడవులు ఎంత ఒకేలా ఉన్నాయి, ఇలాంటి వాటిని బట్టి వేసిన అంచనా అది. మొదటిది సాక్ష్యం లాంటిది, రెండోది అనుమానం లాంటిది.

వాళ్ల నాన్నగారు కూడా వెంట వచ్చారు. "మా అమ్మాయి కష్టపడి చేసిందేనండి, ఆ నంబరొక్కటి పదిలోపు చేసి పెట్టండి, ఎంతయినా పర్లేదు" అన్నారు. ఊళ్లో ఇంకో చోట పేజీకింత అని రేటు చెప్పి, రెండు రోజుల్లో ఇస్తామన్నారట. ఆ రెండు రోజుల్లో ఏం చేస్తారో నాకు తెలుసు. ఫైలుని ఏఐ రాతని మనిషి రాతలా మార్చే ఒక "హ్యూమనైజర్"లో వేస్తారు, వచ్చినదాన్ని మళ్లీ చెక్ చేస్తారు, తగ్గకపోతే ఇంకోదాంట్లో వేస్తారు. కొందరైతే ఇంగ్లీష్ అక్షరం ఉన్న చోట అచ్చం అలాగే కనిపించే రష్యన్ అక్షరం పెడతారు, తెల్లటి రంగులో కనపడని మాటలు దూరుస్తారు. టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇలా మార్చిన అక్షరాల్ని, దాచిన మాటల్ని పట్టుకుని విడిగా జెండా వేసి చూపిస్తాయి. అక్కడ దొరికితే ఇక "తెలియక చేశానండి" అనడానికి ఉండదు, ఎందుకంటే ఆ అక్షరం తనంతట తాను మారదు.

ఫైలు తెరిచి చదవడం మొదలుపెట్టాను. నాలుగో పేజీ దగ్గరే ఆగిపోయాను. కరిగిన ఆక్సిజన్‌ని ఆక్వా చదివిన వాళ్లెవరైనా "డిసాల్వ్డ్ ఆక్సిజన్" అంటారు. అక్కడ "మెల్టెడ్ ఆక్సిజన్" అని ఉంది. చెరువులో ఎకరానికి ఎన్ని రొయ్యపిల్లలు వేశామనేదాన్ని "స్టాకింగ్ డెన్సిటీ" అంటారు, అక్కడ "హోర్డింగ్ థిక్‌నెస్" అని ఉంది. అడిగితే చెప్పింది, నా దగ్గరికి రాకముందే ఒక ఫ్రెండు చెప్పిన టూల్‌లో రెండుసార్లు వేసిందట. ఇది కొత్త జబ్బేం కాదు. 2021లో కబనాక్, లాబె, మగజీనొవ్ అనే ముగ్గురు పరిశోధకులు అచ్చయిన పేపర్లలోనే ఇలాంటి వంకర మాటలు గుట్టలుగా దొరికాయని చూపించారు. "బ్రెస్ట్ క్యాన్సర్" ఉండాల్సిన చోట "బూజమ్ పెరిల్", "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్" ఉండాల్సిన చోట "కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్". మాటల్ని మార్చే యంత్రానికి ఏది మామూలు మాటో, ఏది ఆ శాస్త్రంలో స్థిరపడ్డ పేరో తెలియదు.

వంకర మాటలు కనీసం కంటికి కనపడతాయి. కనపడకుండా అర్థాన్ని మార్చేసినవి ఉన్నాయే, అవి నన్ను ఎక్కువ భయపెట్టాయి. తను మొదట రాసుకున్న కాపీ పక్కన పెట్టి చూశాను. రెండు చెరువుల మధ్య తేడా "సిగ్నిఫికెంట్ కాదు" అని తను రాసింది, అంటే లెక్కల పరంగా ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా వచ్చి ఉండొచ్చని అర్థం. టూల్ దాన్ని "తేడాకి ప్రాముఖ్యం లేదు" అని మార్చింది, అది వేరే సంగతి. మబ్బు రోజులకీ తెల్లవారు రీడింగు పడిపోవడానికీ "సంబంధం కనిపించింది" అని ఉంటే, అది "కారణమని తేలింది" అయింది. లీటరుకి 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గిందన్న చోట అంకె పోయి "తక్కువగా ఉంది" మిగిలింది. ఇంత జరిగాక వచ్చిన నంబరే ఆ 41.

అప్పుడు అమ్మాయిని ఒకటే అడిగాను. "చెకింగ్ సాఫ్ట్‌వేర్ అనేదే లేదనుకో అమ్మా, ఈ వాక్యాన్ని ఇలా మార్చేదానివా?" కాసేపు చూసి, తల అడ్డంగా ఊపింది. నా పనిలో నేను పెట్టుకున్న గీత ఇదే. వాక్యం చదివేవాడికి ఇంకా బాగా తెలియడానికి మారిస్తే అది ఎడిటింగు. వాక్యం ఎక్కడ నుంచి వచ్చిందో తెలియకుండా ఉండడానికి మారిస్తే అది దాచడం, ఎంత అందంగా మార్చినా సరే, చేతితో మార్చినా సరే. చాలామంది "టూల్‌లో వెయ్యకుండా మీరే సొంతంగా మార్చండి మాస్టారూ, అప్పుడు తప్పు లేదుగా" అంటారు. ఉంది. వేరేవాళ్ల ఆలోచనని నా మాటల్లో రాసి వాళ్ల పేరు చెప్పకపోతే సిమిలారిటీ సున్నా వచ్చినా అది కాపీయే.

తర్వాత నియమాలు తీశాం. యూజీసీ 2018లో తెచ్చిన ప్లేజియరిజం నిబంధనలు మాస్టర్స్ డిసర్టేషన్లకి కూడా వర్తిస్తాయి. 10 శాతం దాకా శిక్ష లేదు. 10 దాటి 40 దాకా వస్తే సరిచేసి మళ్లీ ఇవ్వాలి, దానికి గడువు ఆర్నెల్లకి మించకూడదు. 40 దాటి 60 దాకా అయితే ఏడాదిపాటు సరిచేసిన ప్రతి కూడా ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కానీ ఈ లెక్కలో కలపకూడనివి కూడా అక్కడే రాసి ఉన్నాయి: కొటేషన్‌లో పెట్టి ఎవరిదో చెప్పినవి, రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, ప్రామాణికమైన పదాలు, సూత్రాలు. యాదృచ్ఛికంగా వరుసగా 14 మాటల దాకా కలిసినా పట్టించుకోనక్కర్లేదు. అదే సమయంలో ఫలితాలు, ముగింపు లాంటి అసలు భాగాల్లో మాత్రం పోలిక అస్సలు ఉండకూడదని ఉంది. అంటే ఆ నిబంధన అడిగేది "మొత్తం మీద పదిలోపు" అని మాత్రమే కాదు, ఎక్కడ కలిసింది అని కూడా.

రిపోర్టు అలా విడదీసి చూశాం. 34లో 7 రిఫరెన్సుల జాబితా, డిక్లరేషన్ పేజీల నుంచి వచ్చినవే, ఫిల్టరు పెట్టకుండా నడిపారు. 8 వింక్లర్ పద్ధతి వర్ణన నుంచి. మాంగనస్ సల్ఫేట్ వేశాం, ఆల్కలైన్ అయోడైడ్ వేశాం, స్టార్చ్ వేసి నీలం రంగు పోయేదాకా థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేశాం, దీన్ని ఎంతమంది ఎన్నిసార్లు రాసినా ఒకేలా వస్తుంది, రావాలి కూడా. దాన్ని బలవంతంగా మారిస్తే రేపు ఎవరైనా ఆ పద్ధతి మళ్లీ చేయలేరు. ఆ పద్ధతి ఏ ప్రామాణిక గ్రంథంలోదో చెప్పి, వర్ణన నాలుగు లైన్లకి కుదించి, తను పద్ధతిలో ఎక్కడ మార్పు చేసుకుందో అది మాత్రం వివరంగా రాయమన్నాను. మిగిలిన 19 రెండో అధ్యాయం, అంటే ముందటి పరిశోధనల సమీక్ష. అది నిజంగానే కాపీ. పేపర్ల సారాంశాల్లోంచి ఎత్తి వరుసగా పేర్చింది.

ఆ అధ్యాయాన్ని నేను ఒక్క లైను కూడా మార్చలేదు. పేపర్లు తెచ్చుకోమన్నాను. మొత్తం 31 ఉంటే, నిజంగా చదివినవి 12. మిగతావి తీసేయించాను. ఒక్కో పేపరు తీసి, చదివి, మూసేసి, ఎదురుగా కూర్చుని తెలుగులో చెప్పాలి, ఇదీ షరతు. "ఈయన ఏం కొలిచాడు, ఎక్కడ, ఏం తేలింది, నీ చెరువులకి దీనికి ఏంటి పోలిక?" మొదటి రోజు నాలుగు పేపర్ల దగ్గరే అలిసిపోయింది. కానీ మూడో పేపరుకి వచ్చేసరికి, "మాస్టారూ, ఈయన నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిప్పాడండి, మా నాన్న డీజిల్ ఖర్చని మధ్యలో కొంతసేపు ఆపేస్తారు, అందుకే మా రీడింగులు ఇంతకన్నా తక్కువండి" అంది. ఆ మాటనే అప్పటికప్పుడు ఇంగ్లీషులో తనే రాసింది, తప్పులతోనే. వ్యాకరణం నేను సరిచేశాను. అలా రాసిన అధ్యాయం మొదటిదానిలో సగం ఉంది. తర్వాత ఫిల్టర్లు పెట్టి నడిపితే మొత్తం సిమిలారిటీ 8 వచ్చింది. దాన్ని దించడానికి మేం ఏ మాటా మార్చలేదు.

అసలు చిక్కు చర్చ అధ్యాయంలో వచ్చింది. అందులో తొమ్మిది పేరాలున్నాయి, తొమ్మిదీ ఏఐ టూల్ రాసినవే. తన పట్టికలు అందులో పెట్టి "డిస్కషన్ రాయి" అని అడిగిందట, తర్వాత హ్యూమనైజర్‌లో వేసింది. కాలేజీ వాళ్లు ఆ ఏడాది ఇచ్చిన సర్క్యులర్ తీసి చదివాం (యూజీసీ 2018 నిబంధనల్లో ఏఐ ప్రస్తావన లేదు కాబట్టి, ఈ విషయంలో కాలేజీ ఏం చెప్పిందన్నదే ముఖ్యం). భాష సరిదిద్దుకోవడానికి వాడొచ్చు, వాడితే చెప్పాలి. విశ్లేషణ, ముగింపు రాయించుకోకూడదు. అంతే, రెండు లైన్లు.

ఇక్కడ నాన్నగారు ఒక మంచి ప్రశ్న వేశారు. "అయితే వాడామని ఒక ముక్క రాసేసి ఇచ్చేస్తే సరిపోద్ది కదండి?" సరిపోదు. చెప్పడం అనేది అనుమతి ఉన్న పనికి మాత్రమే పనికొస్తుంది. వద్దన్న పని చేసి, చేశానని అడుగున రాసినంత మాత్రాన అది చెయ్యొచ్చిన పని అయిపోదు. అలాగని దాచడం మేలని కాదు. సబ్మిట్ చేయకముందు గైడ్‌కి చెబితే అది ఇంకా డ్రాఫ్టులో తప్పు, దిద్దుకునే దారి ఉంటుంది. "ఇది నా సొంత రచన" అని సంతకం పెట్టి ఇచ్చాక బయటపడితే అది అబద్ధపు సంతకం. యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థి హామీపత్రం ఇవ్వాలి, గైడ్ కూడా సర్టిఫికెట్ ఇవ్వాలి. అంటే తను దాస్తే ఆ మేడం సంతకం కూడా అబద్ధంలో ఇరుక్కుంటుంది. అమ్మాయికి ఈ మాట దగ్గర కళ్లల్లో నీళ్లొచ్చాయి, ఎందుకంటే ఆ గైడ్ మేడం అంటే తనకి చాలా గౌరవం.

మర్నాడు వెళ్లి చెప్పింది. మేడం బాగా కోప్పడ్డారట, అది న్యాయమే. తర్వాత చర్చ అధ్యాయం మొత్తం తీసేసి పది రోజుల్లో కొత్తగా రాసుకురమ్మన్నారు.

ఆ పది రోజుల్లో జరిగిందాంట్లో ఒక్క పేరా గురించి చెబుతాను. ఆరో వారంలో మూడో చెరువులో తెల్లవారు రీడింగు 2.1కి పడిపోయింది, మొత్తం పట్టికలో అదే కనిష్ఠం. టూల్ రాసిన పాత పేరాలో మేత ఎక్కువై, అడుగున కుళ్లి, ఆక్సిజన్ లాగేసిందని ఉంది. వినడానికి సరిగ్గానే ఉంటుంది, చెరువుల్లో అలా జరుగుతుంది కూడా. కానీ ఈ అమ్మాయి మేత కొలవలేదు. పట్టికలో మేత అనే గడే లేదు. "మరి ఆ రోజు ఏం జరిగింది?" అంటే నాన్నగారి చెరువు పుస్తకం తెచ్చింది, పొడుగాటి లెడ్జరు, నూనె మరకలతో. ఆ తేదీ కింద ఆయన చేత్తో ఇలా ఉంది: "రాత్రి 1.20 కరెంటు పోయింది. జనరేటర్ 2.00కి స్టార్ట్." ముందు రెండు రోజులూ మబ్బు అని కూడా ఉంది. మబ్బు పడితే పగలు నీటిలోని పచ్చదనం ఆక్సిజన్ తక్కువ తయారుచేస్తుంది, రాత్రికి నిల్వ తగ్గుతుంది, దాని మీద నలభై నిమిషాలు ఏరేటర్లు ఆగాయి. ఇది తన డేటాతో నిలబడే వివరణ, అదీ "కారణం కావచ్చు" అన్నంతవరకే. పాత పేరాని ఎన్ని హ్యూమనైజర్లలో తిప్పినా ఆ లెడ్జరులోని లైను అందులోకి వచ్చేది కాదు. వేషం మార్చిన రాతలో తప్పు అలాగే ఉండిపోతుంది, పైగా ఎవరూ అనుమానించని ముసుగులో.

కొత్త ప్రతి మళ్లీ చెక్ చేశారు. సిమిలారిటీ 8. ఏఐ సూచిక మాత్రం 22 దగ్గర ఆగింది. అమ్మాయికి మళ్లీ టెన్షన్. రంగు వేసిన భాగాలు చూస్తే, ఎక్కువ మొదటి అధ్యాయంలోనివే, అంటే ఏ టూలూ ముట్టుకోకముందు తను సొంతంగా రాసుకున్న పరిచయం. చిన్న చిన్న వాక్యాలు, తెలిసిన నాలుగు క్రియలు, ప్రతి పేరా ఒకే ధోరణిలో మొదలు. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషులో రాసేవాళ్ల రాత ఇలాగే ఉంటుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లలో వేస్తే, సగటున 61 శాతం తప్పుగా ఏఐ అని తేలాయి. అదే ఏడాది ఓపెన్‌ఏఐ తను విడుదల చేసిన డిటెక్టర్‌ని కచ్చితత్వం తక్కువని తనే వెనక్కి తీసుకుంది. ఒక్క ఈ స్కోరు పట్టుకుని విద్యార్థి మీద చర్య తీసుకోకూడదని టర్నిటిన్ వాళ్లే చెబుతారు.

"ఆ అధ్యాయం కొంచెం మార్చేద్దామండి, ఇది నాదే కదా, మారిస్తే మోసమేముంది?" అంది. న్యాయమైన మాటే, మోసం లేదు. కానీ నేను వద్దన్నాను, దానికి నా కారణం వేరు. సొంత రాతని యంత్రానికి భయపడి వంకర తిప్పితే, రేపు గైడ్ పాత డ్రాఫ్టుతో పోల్చి "ఎందుకు మార్చావు" అంటే చెప్పడానికి నిజమైన జవాబు ఉండదు. దానికి బదులు రాసిన దారి చూపించమన్నాను. పరిచయం మొదటి డ్రాఫ్టు నోటుబుక్కులో పెన్నుతో ఉంది. మెయిల్‌లో గైడ్‌కి పంపిన మూడు పాత ఫైళ్లున్నాయి, తేదీలతో. వర్డ్ ఫైలు అంటే నిజానికి ఒక జిప్ ఫైలు, దాని పేరు చివర `.docx` తీసి `.zip` పెట్టి తెరిస్తే లోపల `docProps/app.xml` ఉంటుంది, అందులో ఈ లైను ఉంది:

```
<TotalTime>2140</TotalTime>
```

ఇవి నిమిషాలు, అంటే ముప్పై అయిదు గంటల పైన ఆ ఫైలు మీద ఎడిటింగ్ నడిచింది. దీనొక్కదాన్నే నమ్మకూడదు. ఫైలు తెరిచి టీ తాగడానికి వెళ్లినా సమయం లెక్కకి రావచ్చు, కొత్త ఫైలులో పేస్ట్ చేస్తే సున్నా నుంచి మొదలవుతుంది. నోటుబుక్కు, పాత మెయిళ్లు, ఇదీ కలిసి ఒకే కథ చెప్పాయి కాబట్టి విలువ వచ్చింది. మేడం అరగంట కూర్చుని చూసి, రెండు పేరాలు తన ముందే నోటితో వివరించమని, ఆ 22ని అలాగే ఉంచి ఫార్వర్డ్ చేశారు.

డిక్లరేషన్ తర్వాత పేజీలో ఇంగ్లీషులో పెట్టిన వాక్యాల సారం ఇది: రెండు, నాలుగు అధ్యాయాల్లో వ్యాకరణం, వాక్య నిర్మాణం ఒక ప్రైవేటు ఎడిటర్ సరిచేశారు, మొదటి డ్రాఫ్టులో చర్చ భాగానికి ఏఐ టూల్ వాడాను, గైడ్ సూచన మీద అది మొత్తం తొలగించి నా డేటా ఆధారంగా కొత్తగా రాశాను, కొలతలు, పట్టికలు, ముగింపు నావి. టూల్ పేరు, వాడిన నెల కూడా రాయించాను. "నాణ్యత పెంచడానికి సాంకేతిక సహాయం తీసుకున్నాను" లాంటి నీళ్ల మాట మొదట రాసుకొచ్చింది, కొట్టేశాను. ఏ అధ్యాయం, ఏ పని, ఎంతవరకు అన్నది లేకపోతే అది చెప్పడం అనే పేరుతో మళ్లీ దాచడమే. నా పని గురించి కూడా రాయాలన్నది నా పట్టుదల. మనిషి సరిదిద్దితే చెప్పక్కర్లేదు, యంత్రం సరిదిద్దితేనే చెప్పాలి అనే తేడా నాకు అర్థం కాదు.

ఈ కేసు తర్వాత ఒక హైస్కూల్ టీచరు గారు అడిగారు, తొమ్మిదో తరగతి పిల్లలకి కూడా ఇలా డిక్లరేషన్ పెట్టిస్తే ఎలా ఉంటుందని. నాకు అది సరిపోతుందనిపించలేదు. డిసర్టేషన్‌లో కావలసింది కొలతలు, వాటి అర్థం. భాష వాటిని మోసే బండి. తొమ్మిదో తరగతి వ్యాసంలో రాయడమే సాధన, టూల్ వాడానని నిజం చెప్పినా ఆ సాధన జరగదు. అక్కడ క్లాసులో కూర్చోబెట్టి రాయించడం తప్ప వేరే దారి నాకు కనపడలేదు, ఆయనకీ అదే చెప్పాను.

వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఆ డిక్లరేషన్ పేజీ చదివారట, దాని గురించి ఒక్క ప్రశ్న వేశారట, పాత చర్చలో తప్పేముందని. అమ్మాయి మూడో చెరువు, ఆరో వారం సంగతి చెప్పింది, అనుబంధంలో పెట్టిన లెడ్జరు పేజీ జిరాక్సు తిప్పి చూపించింది. తర్వాత పావుగంట ఆయన అడిగినవన్నీ జనరేటర్ల గురించి, డీజిల్ ఖర్చు గురించేనట.